ఖాళీ గడి చెప్పే సంగతి: ఆవర్తన పట్టికపై తొలి పాఠం

మన వర్ణమాలలోని హల్లులను ఒకసారి వరుసలుగా రాసుకోండి. క ఖ గ ఘ ఙ ఒక వరుస, దాని కింద చ ఛ జ ఝ ఞ, ఆ తరువాత ట, త, ప వర్గాలు వస్తాయి. అడ్డంగా చదివితే ఒక వరుసలోని అక్షరాలన్నీ నోటిలో ఒకే చోట పుడతాయి. నిలువుగా చదివితే క చ ట త ప అనే పరుషాలు ఒక గుంపుగా, గ జ డ ద బ అనే సరళాలు మరో గుంపుగా కనిపిస్తాయి. ఎవరైనా 'డ'ను చెరిపివేసినా, మిగిలిన అక్షరాలను బట్టి ఆ గడిలో ఎటువంటి ధ్వని ఉండాలో చెప్పగలం. మూలకాలను వాటి గుణాల పోలికను బట్టి వరుసల్లో అమర్చిన ఆవర్తన పట్టికలో కూడా అడ్డ వరుసకు, నిలువు వరుసకు వేర్వేరు అర్థాలున్నాయి. ఈ రోజు ఆ పట్టికను చూడకుండా మీరే తయారు చేయబోతున్నారు.

నలుగురేసి జట్టుగా కూర్చోండి. పాత శుభలేఖలను కత్తిరించి పదిహేను కార్డులు చేసుకుని, ఒక్కో కార్డుపై ఒక మూలకం పేరు, దాని పరమాణు భారం, సంయోజకత రాయండి. సంయోజకత అంటే ఒక పరమాణువు ఇతర పరమాణువులతో ఎన్ని బంధాలు ఏర్పరచగలదో చెప్పే సంఖ్య. బ్రాకెట్లలో మొదటి అంకె భారం, రెండవది సంయోజకత.

సల్ఫర్ (32, 2), లిథియం (7, 1), ఫ్లోరిన్ (19, 1), మెగ్నీషియం (24, 2), కార్బన్ (12, 4), పొటాషియం (39, 1), ఫాస్ఫరస్ (31, 3), బెరీలియం (9, 2), క్లోరిన్ (35.5, 1), అల్యూమినియం (27, 3), ఆక్సిజన్ (16, 2), కాల్షియం (40, 2), నైట్రోజన్ (14, 3), సోడియం (23, 1), బోరాన్ (11, 3).

లిథియం, బెరీలియం, సోడియం, మెగ్నీషియం, అల్యూమినియం, పొటాషియం, కాల్షియం లోహాలు కనుక ఆ కార్డుల అంచున ఎర్ర గీత గీయండి.

మొదట సంయోజకతను మాత్రమే చూసి కార్డులను కుప్పలు చేయండి. నీటిలో వేస్తే భగ్గున చర్య జరిపే సోడియం లోహమూ, ఘాటైన వాసన గల క్లోరిన్ వాయువూ ఒకే కుప్పలో చేరాయి కదా! ఒక్క లక్షణాన్ని పట్టుకుని వర్గీకరిస్తే ఇలాంటి పొరపాటు తప్పదు. ఇప్పుడు ఆ కుప్పలను కలిపివేసి, కార్డులను భారం పెరిగే క్రమంలో ఎడమ నుంచి కుడికి పేర్చండి. సంయోజకత 1 గల లోహం వచ్చిన ప్రతిసారీ కొత్త వరుస మొదలుపెట్టండి.

మొదటి వరుసలో సంయోజకతలు 1, 2, 3, 4, 3, 2, 1గా పెరిగి తగ్గుతాయి. రెండవ వరుసలో 1, 2, 3 తరువాత నేరుగా మళ్ళీ 3 వస్తుంది. కార్డులను ఎడం లేకుండా పేరిస్తే ఫాస్ఫరస్ కార్బన్ కిందికీ, సల్ఫర్ నైట్రోజన్ కిందికీ చేరి, నిలువు పోలిక చెడిపోతుంది. ఒక గడి ఖాళీగా వదిలితే అన్నీ సర్దుకుంటాయి. ఆ గడిలోని మూలకం సంయోజకత ఎంత ఉండాలి? అల్యూమినియం, ఫాస్ఫరస్‌ల సగటు తీస్తే దాని భారం సుమారు ఎంత? జట్టుగా చర్చించి, ఒక ఖాళీ కార్డుపై మీ జవాబు రాసిన తరువాతే ముందుకు చదవండి.

సగటు 29, సంయోజకత 4. మేము దాచిన కార్డు సిలికాన్. దాని భారం 28. రష్యా శాస్త్రవేత్త మెండలీఫ్ 1869లో తన పట్టికలో ఇలాగే ఖాళీలు వదిలాడు. సిలికాన్ కిందున్న ఖాళీకి మన 'ఏక' శబ్దాన్ని చేర్చి ఏక-సిలికాన్ అని పేరు పెట్టి, దాని భారం 72 ఉంటుందని అంచనా వేశాడు. 1886లో దొరికిన జెర్మేనియం భారం సుమారు 72.6. తనకు తెలియనిదానికి చోటు వదిలిన ఆ ధైర్యమే ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

ఇప్పుడు నియాన్ (20.2, 0), ఆర్గాన్ (39.9, 0) కార్డులు చేర్చండి. నియాన్ ఫ్లోరిన్ తరువాత చక్కగా అమరుతుంది. ఆర్గాన్ భారం మాత్రం పొటాషియం భారమైన 39.1 కన్నా ఎక్కువ. భారాన్నే నమ్మితే ఆర్గాన్ పొటాషియం తరువాత రావాలి, గుణాలు చూస్తే నియాన్ కింద ఉండాలి. 1913లో ఇంగ్లండు శాస్త్రవేత్త మోస్లే ప్రయోగాలు ఈ చిక్కును విప్పాయి: క్రమాన్ని నిర్ణయించేది భారం కాదు, కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య, అంటే పరమాణు సంఖ్య. ఆర్గాన్‌కు అది 18, పొటాషియంకు 19.

మీరు పేర్చిన నిలువు వరుసలే గ్రూపులు, అడ్డ వరుసలే పీరియడ్లు. లిథియం ఎలక్ట్రాన్ల అమరిక 2,1, సోడియంది 2,8,1, పొటాషియంది 2,8,8,1. ఈ అంకెలు కేంద్రకం చుట్టూ ఉండే పొరల్లో, అంటే కర్పరాల్లో, వరుసగా ఉన్న ఎలక్ట్రాన్ల సంఖ్యలు. చివరి కర్పరంలో ముగ్గురికీ ఒకే ఎలక్ట్రాన్ ఉన్నందువల్ల గుణాలు కలిశాయి. కిందికి వెళ్ళేకొద్దీ కర్పరాలు పెరిగి, పరమాణువు పెద్దదై, ఆ ఎలక్ట్రాన్‌పై కేంద్రకం పట్టు సడలుతుంది. అందుకే నీటితో లిథియం నెమ్మదిగా, సోడియం తీవ్రంగా, పొటాషియం మంట పుట్టేంతగా చర్య జరుపుతాయి. పీరియడ్‌లో కుడికి నడిస్తే కర్పరాల సంఖ్య మారదు, కేంద్రకం ఆకర్షణ పెరుగుతుంది. పరమాణువు చిన్నదవుతుంది, ఎర్ర గీతల కార్డులు ఎడమవైపే మిగిలిపోతాయి.

చివరిగా హైడ్రోజన్ (1, 1) కార్డు రాయండి. అది వాయువు, అలోహం. దాని ఏకైక కర్పరంలో ఒకే ఎలక్ట్రాన్ ఉంది. దానిని లిథియం పైన ఉంచుతారా, ఫ్లోరిన్ పైన ఉంచుతారా? ప్రతి జట్టూ తన నిర్ణయాన్ని, అందుకు రెండు కారణాలను కార్డు వెనుక రాసి ఇవ్వాలి.