మాయా చదరాలు: మూడు పజిళ్లు

జాతీయ గణిత దినోత్సవమైన డిసెంబరు 22న విశాఖపట్నంలోని ఉన్నత పాఠశాలల విద్యార్థులకు పంచడం కోసం ఈ చదరాలను కూర్చాము. ప్రతి చదరంలోనూ ఏ అడ్డు వరుసను కూడినా, ఏ నిలువు వరుసను కూడినా, రెండు కర్ణాలలో దేనిని కూడినా ఒకే మొత్తం రావాలి; ఏ సంఖ్యా రెండుసార్లు రాకూడదు. తోచిన సంఖ్య వేసి, కుదరకపోతే చెరిపేయడం కన్నా, ఆ గడిలో ఆ సంఖ్యే ఎందుకు ఉండాలో తేల్చుకుంటూ ముందుకు వెళ్లండి. అసలు ఆనందం అందులోనే ఉంది.

1. మన ఊరి చదరం

విశాఖ ఎస్‌టీడీ కోడ్ 0891. ఇక్కడ ప్రతి వరుస మొత్తం 891.

| 300 | 293 | ? |
|---|---|---|
| ? | ? | ? |
| ? | ? | ? |

మధ్య గడి మీదుగా ఒక అడ్డు వరుస, ఒక నిలువు వరుస, రెండు కర్ణాలు వెళతాయి. ఆ నాలుగింటినీ కలిపితే నాలుగు మొత్తాలు వస్తాయి. ఆ కూడికలో తొమ్మిది గళ్లూ ఒక్కోసారి వచ్చి మూడు మొత్తాలవుతాయి, మధ్య సంఖ్య మాత్రం అదనంగా మరో మూడుసార్లు వస్తుంది. కనుక మధ్య సంఖ్యకు మూడు రెట్లే వరుస మొత్తం.

2. మొత్తం చెప్పని చదరం

| ? | ? | 12 |
|---|---|---|
| ? | ? | 22 |
| ? | 8 | ? |

ఇచ్చినవి మూడే సంఖ్యలు, అయినా జవాబు ఒక్కటే. మూలలోని సంఖ్య, ఆ మూలను ఆనుకోని రెండు అంచుల మధ్య గళ్లలో ఉన్న సంఖ్యలకు సరిగ్గా సగటు అవుతుంది. ఎడమ పై మూలతో మొదలుపెట్టండి.

3. ఖజురహో చదరం

ఖజురహోలోని పార్శ్వనాథ జైన ఆలయంలో చెక్కి ఉన్న చదరమిది. 1 నుంచి 16 వరకు సంఖ్యలన్నీ ఇందులో ఉన్నాయి. వాటి మొత్తం 136 నాలుగు వరుసలకు సమానంగా పంచుకోవాలి కాబట్టి ఒక్కో వరుసకు 34 వస్తుంది.

| 7 | 12 | ? | 14 |
|---|---|---|---|
| ? | 13 | 8 | ? |
| ? | 3 | 10 | ? |
| 9 | ? | ? | 4 |

పై వరుసలోని 12ను కావాలనే ఉంచాము. దానిని తీసేస్తే ఈ చదరాన్ని రెండు విధాలుగా నింపవచ్చు. చురుకైనవారు ఆ రెండో విధాన్ని కూడా కనుక్కోవాలి.

జవాబులు (పై వరుస నుంచి కిందికి)

1: 300, 293, 298, 295, 297, 299, 296, 301, 294.

2: 15, 30, 12, 16, 19, 22, 26, 8, 23. మొత్తం 57.

3: 7, 12, 1, 14, 2, 13, 8, 11, 16, 3, 10, 5, 9, 6, 15, 4.

రెండో విధం: 7, 2, 11, 14, 12, 13, 8, 1, 6, 3, 10, 15, 9, 16, 5, 4.