పోస్ట్‌పెయిడ్ బిల్లు: 708 రావాల్సింది 944 ఎందుకైంది?

నెలకు 600 ప్లాన్, పైన 18 శాతం పన్ను. లెక్క ప్రకారం 708 రావాలి. జూలై 5న వచ్చిన బిల్లులో మాత్రం 944 ఉంది. ఆ 236 తేడా ఎక్కడిదో మొదటి పేజీ చెప్పదు. తిన్నగా ఛార్జీల వివరాలున్న పేజీకి వెళ్లండి.

ముందు ‘పాత బాకీ’ వరుస చూడండి. అక్కడ సున్నా ఉంటే తేడా అంతా ఈ నెలదే. బాకీ కనిపిస్తే దాన్ని పక్కన పెట్టి లెక్కించాలి. దాని మీద పన్ను అప్పుడే పడిపోయింది కాబట్టి మళ్లీ పడకూడదు.

తర్వాత ప్రోరేటా, అంటే వాడిన రోజులకే లెక్కగట్టిన మొత్తం. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. ఈ ఉదాహరణలో బిల్లింగ్ సైకిల్ 5 నుంచి తర్వాతి నెల 4 వరకు, ప్లాన్ అద్దె ముందుగానే వసూలు చేస్తారు. జూన్ 17న ప్లాన్ 450 నుంచి 600కు మారింది. జూలై 4 వరకు మిగిలింది 18 రోజులు, సైకిల్ మొత్తం 30 రోజులు. కాబట్టి బిల్లులో రెండు వరుసలుండాలి:

పాత ప్లాన్ వాపసు: −450 ÷ 30 × 18 = −270
కొత్త ప్లాన్: 600 ÷ 30 × 18 = 360

నికరంగా పెరిగింది 90. మైనస్ గుర్తున్న వరుస ఉందో లేదో తప్పకుండా వెతకండి. అది లేకపోతే అవే 18 రోజులకు రెండు ప్లాన్ల డబ్బూ కట్టినట్టే. ప్లాన్ మారిన రోజును పాత ప్లాన్‌లోనూ కొత్తదాంట్లోనూ లెక్కేశారేమో కూడా తేదీలు పట్టి చూడండి. 31 రోజుల సైకిల్‌లో 30తో భాగించారా, 31తోనా అన్నదాన్ని బట్టి చిన్న తేడా వస్తుంది. రెండు వరుసలకూ ఒకే భాజకం వాడితే చాలు.

ఇక యాడ్-ఆన్లు. కాలర్ ట్యూన్ 30, వీడియో చందా 80, కలిపి 110. ఉచిత గడువు ముగిశాక వాటంతటవే రెన్యువల్ అయ్యేవి ఇలాగే చొరబడతాయి. పేరు అర్థం కాకపోతే, మొదలైన తేదీని మీ మెసేజ్‌లతో పోల్చండి. ఆ రోజు వచ్చిన ‘సర్వీస్ ప్రారంభమైంది’ అన్న సందేశమే దారి చూపిస్తుంది. రోమింగ్ ఛార్జీలు ఆలస్యంగా చేరి తర్వాతి బిల్లులోనూ రావచ్చు. కాబట్టి బిల్లు తేదీ కాదు, వాడిన తేదీ చూడాలి.

పన్నును చివర్లో సరిచూడండి: 600 + 90 + 110 = 800. దాని మీద 18 శాతం 144. మొత్తం 944. వాపసు 270 తీసేయకుండా 1,070 మీద పన్ను వేసి ఉంటే 192.60 అయ్యేది. అలా కనిపిస్తే అది తప్పే.

ఈ బిల్లులో లెక్క తప్పలేదు. అడగని యాడ్-ఆన్ల సంగతి వేరు. అవి పన్నుతో కలిపి 129.80. యాప్‌లో రెండింటినీ ఆపేసి, గడువు తేదీ లోపే ఫిర్యాదు ఇలా పెట్టండి: “జూలై 5 బిల్లులో కాలర్ ట్యూన్ 30, వీడియో చందా 80 నేను కోరినవి కావు. ఏ తేదీన, ఎలా మొదలయ్యాయో చూపండి. పన్నుతో సహా 129.80 వాపసు చేయండి.” ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. ఆగస్టు 5 బిల్లులో ప్రోరేటా వరుసలు ఉండకూడదు. యాడ్-ఆన్లు ఆగి ఉంటే ఆ నెల ఛార్జీ 708 అవుతుంది, వాపసు ఒప్పుకుంటే అది మైనస్ వరుసగా విడిగా కనిపిస్తుంది.