228 కాదు, 163

మీ విరాళాలతో ఈ ఏడాది ఊళ్లలో మేం బాగుచేసిన బోరింగులు 228. ఈ అంకె ఒక్కటి రాసి ఊరుకుంటే అబద్ధం కాదు, కానీ నిజమూ కాదు. మరమ్మతు చేసినరోజు ప్రతి బోరింగూ నీళ్లు పోస్తుంది. పోయకపోతే మెకానిక్ అక్కణ్ణించి కదలడు. అసలు సంగతి మూణ్ణెల్ల తర్వాత తెలుస్తుంది. అందుకే ఈసారి, బాగుచేసి 90 రోజులు దాటిన ప్రతి బోరింగు దగ్గరికీ ముందుగా చెప్పకుండా వెళ్లి చూశాం. డిసెంబరు నాటికి గడువు దాటినవి 197. వాటిలో 163 సరిగ్గా పనిచేస్తున్నాయి, 19 నీరసంగా పోస్తున్నాయి, 15 ఆగిపోయి ఉన్నాయి. మిగతా 31 ఇంకా చూడాలి.

సరిగ్గా అంటే ఏమిటో చెప్పాలి. నిమిషానికి 40 సార్లు పిడి కొడితే కనీసం 10 లీటర్లు బకెట్లో పడాలి. తర్వాత అరగంట ఎవరినీ ముట్టుకోనివ్వకుండా వదిలేసి మళ్లీ కొట్టాలి. అయిదు దెబ్బల లోపే నీళ్లు రావాలి. అంతకు మించి కొట్టాల్సి వస్తే అడుగు వాల్వు కారుతున్నట్టో, పైపులో ఎక్కడో చిల్లి పడినట్టో లెక్క. రెండింటిలో ఒకటి తప్పినా ఆ బోరింగుని 163లో కలపలేదు.

ఆగిపోయిన 15 గురించి కాస్త వివరంగా. ఎనిమిదింటిలో సిలిండరు వాషర్లు మూణ్ణెల్లకే అరిగిపోయాయి. విప్పి చూస్తే అన్నీ ఒకే సరుకులోవి. నీళ్లలో నాని ఉబ్బి, సిలిండరు గోడకి రాసుకుని రాసుకుని అంచులు చిరిగాయి. ఆ సరుకులో మేం కొన్నవి 60 వాషర్లు. బోరింగుకి రెండు చొప్పున 21 చోట్ల వేశాం. మిగతా 13 చోట్ల అవి ఆగకముందే మార్చేశాం, వాడని 18 తిప్పి పంపాం. ఇప్పుడు ఏ కొత్త సరుకు వచ్చినా అందులోంచి రెండు తీసి, ఒకరోజు నీళ్లలో నానబెట్టి, ముందూ తర్వాతా వెర్నియరుతో కొలిచాకే మెకానిక్ సంచిలోకి వెళ్తుంది. పది నిమిషాల పని, మొదట్నుంచీ చెయ్యాల్సింది.

నాలుగు చోట్ల రాడ్ల జాయింటు ఊడింది. లాక్ నట్టు బిగించకుండా వదిలేశాం. తప్పు పూర్తిగా మాదే. చివరి మూడింటిలో ఇనప పైపు తుప్పు తిని చిల్లులు పడ్డాయి. ఆ నీళ్లలో పులుపు ఎక్కువ, కొత్త ఇనప పైపు వేసినా అంతే అవుతుంది. అక్కడికి స్టెయిన్‌లెస్ స్టీలు పైపులు తెప్పిస్తున్నాం. పదిహేనింటిలో 11 మళ్లీ పోస్తున్నాయి, ఈ మూడూ మరొకటీ ఇంకా ఆగే ఉన్నాయి.

ఏడాది మొత్తం వచ్చిన ఫిర్యాదులు 263. వెళ్లగలిగింది 251 చోట్లకి. అందులో 23 బాగుచెయ్యలేకపోయాం. పద్నాలుగు చోట్ల నీటిమట్టం సిలిండరు కిందికి దిగిపోయింది. మూడు చోట్ల ఫ్లోరైడు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటింది, తాగొద్దని గొట్టానికి ఎర్ర రంగు వేసి వచ్చాం. ఆరు బోర్లలో పైపులు లోపల పడిపోయి ఉన్నాయి. ఆ ఆరింటిలో నాలుగు మేం వెళ్లేసరికే పడిపోయి ఉన్నవి, రెండు మా చేతుల్లోంచి జారినవి. ముప్ఫై మీటర్ల లోతుకి మూడు మీటర్ల పైపులు పది ఉంటాయి, ఒక్కోటీ తొమ్మిది కిలోల పైమాటే, లోపలి నీళ్ల బరువు వేరు. క్లాంపు పళ్లు అరిగిపోయి పట్టు తప్పితే ఆ బరువంతా ఒక్కసారిగా బోరులోకి దిగుతుంది. చెడిపోయిన బోరింగుని శాశ్వతంగా పోగొట్టి వచ్చామన్నమాట, రెండు ఊళ్లకి. పాత క్లాంపులన్నీ తీసేశాం. ప్రతి పైపు తీసేటప్పుడూ కింద రెండో క్లాంపు బిగించి ఉంచాలన్న నియమం పెట్టాం.

ఇక మనుషుల లెక్క. నిరుడు ఇదే పోస్టులో "40,000 మందికి నీళ్లు" అని రాశాం. బాగుచేసిన 160 బోరింగుల్ని, బోరింగుకి 250 మంది అనే లెక్కతో హెచ్చవేసిన అంకె అది. ఎవరూ వెళ్లి లెక్కపెట్టలేదు. ఈ ఏడాది 40 బోరింగుల దగ్గర పొద్దున్నుంచి చీకటిపడేదాకా కూర్చుని, వచ్చిన ప్రతి ఇంటినీ, ఇంట్లో మనుషుల్నీ రాసుకున్నాం. మొత్తం 4,720 మంది, సగటున 118. ఆ లెక్కన నిరుటి అంకె 19,000 దాటదు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాం, ఆ అంకె చూసి విరాళమిచ్చిన వాళ్లకి క్షమాపణలు. ఈ ఏడాది 163 బోరింగులకి కూడా దాదాపు 19,000 మంది అని అంచనా వెయ్యొచ్చు. కాకపోతే మేం కూర్చున్న 40 బోరింగులూ దారి పక్కనున్న పెద్ద ఊళ్లలోవి, కాబట్టి అసలు సంఖ్య ఇంకా తక్కువే ఉంటుంది. ఖాయంగా చెప్పగలిగింది 4,720.

అదే సమయంలో ఇంకొకటి అడిగాం: బోరింగు చెడిన రోజుల్లో నీళ్లెక్కడివి? సగటు దూరం 1.3 కిలోమీటర్లు. రోజుకి మూడుసార్లు వెళ్లొస్తే 7.8 కిలోమీటర్ల నడక, అందులో సగం దూరం నెత్తిమీద పదిహేను లీటర్ల బిందెతో. చెడి ఉన్న బోరింగుల ఊళ్లలో మేం దారిలో లెక్కపెట్టిన 640 మోతల్లో 557 ఆడవాళ్లవి. ఆ 557లో 96 పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లలవి, బడి జరిగే వేళలో.

అందుకే బాగుచేసిన బోరింగుల కంటే ఎదురుచూసిన రోజులే మాకు ముఖ్యమైన లెక్క. ఫిర్యాదు నుంచి నీళ్లు వచ్చేదాకా నిరుడు సగం చోట్ల 17 రోజుల పైనే పట్టింది, ఈ ఏడాది సగం చోట్ల ఆరు రోజుల్లోపే అయింది. సగటు చెప్పడం లేదు, ఎందుకంటే అన్నిటికంటే ఆలస్యమైన చోట 71 రోజులు పట్టింది, అలాంటివి ఒకటి రెండున్నా సగటు పెరిగిపోతుంది. అక్కడ కావలసింది పిడికి ఒక చైను. అది మా దగ్గర లేదు. ఇప్పుడు ప్రతి మెకానిక్ సంచిలో ఒకటి ఉంటుంది.

ఈ వేగానికి కారణం ఊళ్లలోనే ఉన్న మెకానిక్కులు. 26 మందికి నేర్పాం, 17 మంది పనిలో ఉన్నారు, వాళ్లలో 11 మంది ఆడవాళ్లు. మానేసిన తొమ్మిదిమందీ చెప్పింది ఒకటే, కూలి ఆలస్యంగా వస్తోందని. నిజమే, నెలాఖరున ఇచ్చేవాళ్లం. ఇప్పుడు పని అయిన వారంలోపు ఇస్తున్నాం.

నీళ్లు వస్తే చాలదు కూడా. పనిచేస్తున్న 163 బోరింగుల నీళ్లనీ హెచ్‌టూఎస్ సీసాల్లో పట్టి 48 గంటలు ఉంచితే 27 నల్లబడ్డాయి, అంటే మురుగు కలుస్తున్న గుర్తు. క్లోరిన్ వేశాక కూడా తొమ్మిది మళ్లీ నల్లబడ్డాయి. ఆ తొమ్మిది చోట్లా సిమెంటు చప్టా పగిలి, నిలిచిన నీళ్లు తిరిగి బోరులోకే ఇంకుతున్నాయి. చప్టాలు కట్టేదాకా కాచి తాగమని బోర్డులు పెట్టాం. కాచడానికి కట్టెలు కూడా వాళ్లే మొయ్యాలని తెలుసు.

మీరిచ్చిన ప్రతి వందలో 58 సామాన్లకీ రవాణాకీ, 24 మెకానిక్కుల కూలికీ శిక్షణకీ, 9 పరీక్షలకీ తనిఖీలకీ, 9 ఆఫీసుకీ అయ్యాయి. వచ్చే ఏడాది తనిఖీ ఖర్చు 12కి పెంచుతున్నాం, సామాన్ల వాటా 55కి తగ్గుతుంది. అంటే బాగుచేసిన బోరింగుల అంకె 228 కంటే తగ్గవచ్చు. ఇవ్వదలచిన వాళ్లు ఏడాదికోసారి పెద్ద మొత్తం కంటే నెలనెలా చిన్న మొత్తం ఇస్తే మాకు మేలు. ఎండలు ముదిరితే బోరింగులు ఎక్కువ చెడతాయి, సామాను ఆ ముందే కొనిపెట్టుకోవాలి.

వెళ్లలేకపోయిన 12 చోట్లు ఇంకా ఉన్నాయి. డిసెంబరు 31 నాటికి ఆ పన్నెండూ కలిపి 312 రోజులుగా ఎదురుచూస్తున్నాయి, అన్నిటికంటే పాత ఫిర్యాదు 44 రోజులది. జనవరి 3న బండి బయల్దేరుతుంది, మొదట ఆ 44 రోజుల ఊరికే. అప్పటికి 47 అవుతాయి.