కరెంటు పని బ్యాగ్‌లో ఏముండాలి, పని అయ్యాక ఏం రాయాలి

ఈ కాగితం బ్యాగ్ మూతకి లోపల వైపు అతికించాను. పొద్దున బయల్దేరే ముందు పెద్దోడు చదవాలి, చిన్నోడు వస్తువు చేత్తో తీసి చూపించాలి. "ఉందిలే అన్నా" అంటే లెక్కలోకి రాదు. సింగ్‌నగర్‌లో గోడకి కన్నం పెట్టాక గిట్టీ లేదని గవర్నర్‌పేట దాకా బండేసుకుని వచ్చి వెళ్తే ఆ టైమ్‌కి కూలి ఎవరూ ఇవ్వరు, పైగా "మీ వాళ్లకి పని రాదా" అని ఇంటావిడ నాకు ఫోన్ చేస్తుంది.

పనిముట్లు

టెస్టర్లు 2. మల్టీమీటర్, దానికి ఇంకో బ్యాటరీ. క్లాంప్ మీటర్. మెగ్గర్ రోజూ అక్కర్లేదు కానీ పాత ఇల్లు, తడిసిన ఇల్లు అని ఫోన్‌లో చెప్పారంటే తప్పనిసరి.

కటింగ్ ప్లేయర్, నోస్ ప్లేయర్, వైర్ స్ట్రిప్పర్ (పళ్లతో వైరు ఒలిచే అలవాటు మానండి), లగ్గులు నొక్కే క్రింపింగ్ టూలు, స్క్రూ డ్రైవర్లు చిన్నది పెద్దది స్టార్ది.

డ్రిల్ మెషిన్, 6, 8 ఎం.ఎం. బిట్లు రెండేసి. పటమట వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో కాంక్రీటు గోడ తగిలితే ఒక బిట్టు మొండి అయిపోతుంది, రెండోది అందుకే. సుత్తి, ఉలి, టేపు, లెవెల్, పైపులో వైరు లాగే స్ప్రింగు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, తలకి కట్టుకునే లైటు.

నిచ్చెన ఫైబర్‌దే. అల్యూమినియందైతే తేలిక, నిజమే, కానీ కరెంటు పనికి వద్దు. గ్లౌజులు, బూట్లు. ఎండాకాలం బూట్లలో కాళ్లు ఉడికిపోతాయని నాకూ తెలుసు, అయినా హవాయి చెప్పులతో బోర్డు తియ్యొద్దు.

టెస్టర్ గురించి ఇంకాస్త

బోర్డు ముట్టుకునే ముందు టెస్టర్‌ని కరెంటు ఉందని తెలిసిన సాకెట్‌లో పెట్టి వెలుగుతుందో లేదో చూడండి, తర్వాత మెయిన్ దింపి, పని చెయ్యబోయే వైరు మీద చూడండి, మళ్లీ ఇన్వర్టర్ సాకెట్ లాంటి వెలిగే చోట ఒకసారి పెట్టి చూడండి. మధ్యలో టెస్టరే పాడైతే లేని ధైర్యం వస్తుంది. టెస్టర్ ఒక్కదాన్నే నమ్మకుండా మీటర్‌తో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా కొలవండి. కరెంటు ఉన్నప్పుడు 230కి కాస్త అటూ ఇటూ ఉండాల్సింది, ఫేజు-న్యూట్రల్ మధ్య మరీ ఎక్కువ చూపిస్తుంటే న్యూట్రల్ వదులైందేమో అనుకుని ముందు ఇంట్లో టీవీ, ఫ్రిజ్ ప్లగ్గులు పీకించండి.

ఇక ఇన్వర్టర్. మెయిన్ దింపేశాం కదా అని చెయ్యి పెట్టేస్తారు, కానీ ఫ్యాను, లైటు లైన్లు ఇన్వర్టర్ మీద బతికే ఉంటాయి, ఒకే బోర్డులో రెండు స్విచ్‌లు చచ్చి మూడోది కొట్టే ఇళ్లు బోలెడు. గుమ్మంలోనే అడగండి: "అమ్మా, ఇన్వర్టర్ ఎక్కడుంది?" లేదు అన్నా సరే, మెట్ల కింద ఓ చూపు వెయ్యండి.

స్పేర్లు: ఇంతకంటే తగ్గకూడదు

వైరు: 1.5 స్క్వేర్ ఎరుపు, నలుపు, ఆకుపచ్చ 20 మీటర్ల చొప్పున. 2.5 కూడా అంతే. 4 స్క్వేర్ ఏసీకి, గీజర్‌కి, రంగుకి 15 మీటర్లు. ఆకుపచ్చ అయిపోయిందని నలుపునే ఎర్త్‌కి వాడి టేపు చుట్టేయడం మన దగ్గర వద్దు, రేపు ఇంకొకడు వచ్చి విప్పినప్పుడు వాడికి ఏం తెలుస్తుంది?

ఎంసీబీలు: 6 ఆంప్స్ 2, 16వి 2, 20వి 2, డబుల్ పోల్ 32 ఒకటి. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఒకటి. "16ది ఊరికే పడిపోతోంది, 32 వేసెయ్ బాబూ" అని ఓనర్లు అంటుంటారు. వెయ్యొద్దు. ఎంసీబీ ఉన్నది గోడలో ఉన్న వైరుని కాపాడటానికి, పెద్దది వేస్తే అది పడదు, వైరు కాలుతుంది. ఎందుకు పడుతోందో క్లాంప్ మీటర్ పెట్టి చూసి చెప్పండి, వినకపోతే నాకు ఫోన్ ఇవ్వండి.

స్విచ్‌లు 6 ఆంప్స్ 6, 16 ఆంప్స్ 2. సాకెట్లు 6వి 3, 16వి 2. ఫ్యాన్ రెగ్యులేటర్ 2. ఫ్యాన్ కండెన్సర్ 2.5 ఎంఎఫ్‌డీ 5, 3.15వి 2. మే నెలలో ఇవి డబుల్ పెట్టుకోండి, ఎండలు ముదిరితే "ఫ్యాన్ తిరగట్లా" అనే ఫోన్లే సగం. పాత కండెన్సర్ మీద రాసింది చూసి అదే వెయ్యాలి. మోటారు కండెన్సర్ అయితే పీకిన వెంటనే చేత్తో పట్టుకోకుండా, పాత ఫిలమెంట్ బల్బు హోల్డర్ వైర్లు రెండు కొనలకీ ఆనించి ఛార్జ్ దించేసి, మీటర్‌తో సున్నా చూశాకే.

బ్యాటెన్ హోల్డర్లు 3, సీలింగ్ రోజ్ 2, 9 వాట్ల ఎల్‌ఈడీ 4, టేపు 4, గిట్టీలు, స్క్రూలు డబ్బా నిండా, లగ్గులు, కనెక్టర్లు, టైలు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు నిలిచిన ఇళ్లకి వెళ్తుంటే బాక్సు స్క్రూలు ఎక్కువ పెట్టుకోండి. పైకి ప్లేటు కొత్తదే ఉంటుంది, విప్పితే లోపల స్క్రూ తుప్పు పట్టి తల ఊడొస్తుంది, రాగి మీద ఆకుపచ్చ పొర ఉంటుంది. ఆ పొర ఉన్నంత మేర కత్తిరించి కొత్త కొన ఒలవండి, గీకి బిగిస్తే మళ్లీ వేడెక్కుతుంది.

పని అయ్యాక చీటీ

డబ్బులు తీసుకోకముందే, ఆ ఇంట్లోనే నిలబడి రాయాలి. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాసిన చీటీ నాకొద్దు. వాడింది, మిగిలింది, కొనాల్సింది. వాడినవి బిల్లులో పడ్డాయో లేదో కూడా. ఈ వారం వచ్చినవాటిలో మూడు కింద అతికించాను, ఇలా ఉంటే చాలు.

సోమవారం, సింగ్‌నగర్, కింద పోర్షన్, హాలు బోర్డు వేడెక్కుతోందని. బోర్డు విప్పి కొనలు కత్తిరించి మళ్లీ బిగించాం. వాడినవి: 16 సాకెట్ 1, 16 స్విచ్ 1, 2.5 ఎరుపు 3 మీటర్లు, బాక్సు స్క్రూలు 8. మిగిలినవి: 16 సాకెట్ 1, 16 స్విచ్ 1, 2.5 ఎరుపు 17. కొనాలి: సాకెట్ 1, స్విచ్ 1, 2.5 ఎరుపు కాయిల్, స్క్రూలు ప్యాకెట్. బిల్లులో స్క్రూలు వెయ్యలేదు. వంటింటి బోర్డు కూడా చూడాలి, ఓనర్ వచ్చే వారం అన్నారు.

మంగళవారం, పటమట, మూడో అంతస్తు, ఏసీ పాయింటు. వాడినవి: 4 స్క్వేర్ మూడు రంగులూ 9 మీటర్ల చొప్పున, 20 ఎంసీబీ 1, గిట్టీలు 10, 8 ఎం.ఎం. బిట్టు ఒకటి పోయింది. మిగిలినవి: వైరు 6 మీటర్లే, ఎంసీబీ 1, బిట్టు 1. కొనాలి: 4 స్క్వేర్ కాయిళ్లు 3, ఎంసీబీ 1, బిట్టు 1. ఇంకో ఏసీ పాయింటు ఒప్పుకునే ముందు వైరు రావాలి. డ్రిల్ కార్బన్లు అరిగినట్టున్నాయి, నిప్పురవ్వలు ఎక్కువ వస్తున్నాయి.

బుధవారం, గుణదల, ఫ్యాన్లు రెండు. వాడినవి: 2.5 కండెన్సర్లు 2. మిగిలినవి 3. కొనాలి: 2. రెండో ఫ్యాను బేరింగు కూడా పోయింది, చెప్పాం, తర్వాత చూస్తామన్నారు. టెస్టర్ ఒకటి వాళ్ల ఫ్రిజ్ మీద మర్చిపోయాం, రేపు ఎనికేపాడు పనికి వెళ్తూ పెద్దోడు తెస్తాడు.