నోటి లెక్కల ర్యాపిడ్ ఫైర్: ఎనిమిది, తొమ్మిది తరగతులకు

పిల్లలకు చదివి వినిపించాలి:

కాగితం మీద జవాబు తప్ప ఇంకేమీ రాయకూడదు. ప్రశ్న ఒక్కసారే చదువుతాను. చదవడం అయ్యాక టైమర్ నొక్కుతాను, బెల్ మోగగానే పెన్ను కింద పెట్టాలి. జవాబు రాకపోతే గీత గీసి వదిలేయండి, దాని గురించే ఆలోచిస్తూ కూర్చుంటే తర్వాతి ప్రశ్న కూడా పోతుంది. తప్పు రాస్తే మార్కు తగ్గదు.

మొదటి రౌండ్: ప్రశ్నకు 5 సెకన్లు, 1 మార్కు

1. 47 + 38 (85)
2. 100 − 63 (37)
3. 25 × 8 (200)
4. 144 ÷ 12 (12)
5. −7 + 12 (5)
6. 600లో 15 శాతం (90)

ఇది చేయి తిరగడానికే. క్లాసులో సగం మందికి నాలుగు కూడా రాకపోతే రెండో రౌండ్ మరో రోజుకు వాయిదా వేయండి.

రెండో రౌండ్: ప్రశ్నకు 10 సెకన్లు, 2 మార్కులు

1. 35 వర్గం (1225)
2. 48 × 25 (1200)
3. 99 × 17 (1683)
4. 84లో నాలుగింట మూడు వంతులు (63)
5. 43 × 37 (1591)

ఇక్కడ గుణకారం నిలువుగా వేసుకునేవాళ్లకు టైము చాలదు, చాలకూడదు కూడా. రౌండ్ అయ్యాక ఐదో ప్రశ్న దగ్గర మాత్రం ఆగండి. 43 అంటే 40 కంటే 3 ఎక్కువ, 37 అంటే 3 తక్కువ. కాబట్టి 40 వర్గం 1600 లోంచి 3 వర్గం 9 తీసేస్తే సరి. దీన్ని మీరు చెప్పకండి, జవాబు రాసినవాళ్లలో ఒకరిని బోర్డు దగ్గరికి పిలిచి చెప్పించండి.

మూడో రౌండ్: ప్రశ్నకు 20 సెకన్లు, 3 మార్కులు

1. 52 వర్గంలోంచి 48 వర్గం తీసేస్తే ఎంత? (400)
2. 998 × 7 (6986)
3. గంటకు 72 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు ఎన్ని మీటర్లు? (20)
4. 500ను 20 శాతం పెంచి, వచ్చినదాన్ని 20 శాతం తగ్గిస్తే ఎంత? (480)

నాలుగోదానికి చాలామంది క్షణంలో 500 అని రాసేస్తారు. పెంచింది 500లో 20 శాతం, అంటే 100. తగ్గించింది 600లో 20 శాతం, అంటే 120. తేడా అక్కడే. జవాబు చెప్పే ముందు ఎంతమంది 500 రాశారో చేతులెత్తమనండి. టెన్షన్ పోయి నవ్వుకుంటారు, లెక్క కూడా గుర్తుండిపోతుంది.

మొత్తం 28 మార్కులు. సమానంగా వస్తే టై బ్రేక్ ప్రశ్న ఒకటే, దీనికి టైమర్ లేదు, ముందు చెప్పినవాళ్లదే గెలుపు: 1 నుంచి 19 వరకు బేసి సంఖ్యల మొత్తం ఎంత? (100)