ప్రభువు నుంచి కూలి దాకా: 13వ శతాబ్దపు ఇంగ్లిష్ పల్లె (గోడ పటం, 7వ తరగతి)

```
     [1] ప్రభువు (నైటు / బిషప్పు / మఠం)
              │
     [2] స్టీవార్డ్
              │
     [3] బేలిఫ్ ◄┄┄┄┄┄┄┄┐
              │           ┊
     [4] స్వేచ్ఛా రైతు    ┊    [7] పాదిరి
  ════ వెట్టి గీత ════════┊══   (పక్కన)
     [5] విలీన్ ┄┄┄► [రీవ్]
              │
     [6] కాటర్

  పైకి ▲ చాకిరీ, ధాన్యం, జరిమానాలు
  కిందికి ▼ సాగుకు భూమి, రక్షణ
```

పటంలో ముందు చూడాల్సింది జంట గీత. అది డబ్బున్నవాళ్లనీ లేనివాళ్లనీ విడదీసే గీత కాదు, స్వేచ్ఛ ఉన్నవాళ్లనీ వెట్టివాళ్లనీ విడదీసేది. దాని పైనున్న స్వేచ్ఛా రైతుకు రెండెకరాలే ఉండొచ్చు, కిందున్న విలీన్‌కు ముప్పై ఉండొచ్చు. గైడ్లలో వేసే పిరమిడ్ బొమ్మలో ఈ తిరకాసు కనిపించదు.

[1] ప్రభువు: చాలామందికి మేనర్లు, అంటే ఊరూ పొలాలూ కలిసిన ఎస్టేట్లు, ఒకటికి మించి ఉండేవి. ఊళ్లో ఉండేది తక్కువ.

[2], [3] స్టీవార్డ్ మేనర్లన్నీ తిరుగుతూ ప్రభువు పేర కోర్టు నడుపుతాడు. బేలిఫ్ ఊళ్లోనే ఉండి ప్రభువు సొంత కమతం చూసుకుంటాడు.

[4] స్వేచ్ఛా రైతు: శిస్తు కడితే సరి. రాజు కోర్టుకెక్కే హక్కుంది.

[5] విలీన్: వారానికి రెండు మూడు రోజులు ప్రభువు పొలంలో వెట్టి. కోతలప్పుడు అదనం. ఆ రోజు ఏల్ అనే బీరు పోస్తే ‘తడి’ చాకిరీ, పోయకపోతే ‘పొడి’ చాకిరీ అనేవాళ్లు! కూతురి పెళ్లికి రుసుము, గింజలు ప్రభువు మరలోనే ఆడించాలి. ఇంటాయన పోతే కొట్టంలో ఉన్నవాటిలో మంచి పశువు ప్రభువుదే: శవం లేచిన ఇంట్లోంచి పాడావును తోలుకుపోయేవాళ్లు. పారిపోయి పట్నంలో ఏడాదీ ఒక రోజూ దొరక్కుండా ఉంటే స్వేచ్ఛ, అదీ ఆ పట్నానికి అలాంటి హక్కు ఉంటేనే.

రీవ్: చుక్కల గీత ఇతని కోసమే. సాధారణంగా విలీన్‌లలోంచి తోటివాళ్లు ఎన్నుకునే మనిషి. మన మునసబులా అనుకోకండి, ఇతనూ వెట్టివాడే. పొద్దున్నే పొరుగువాణ్ణి చాకిరీకి లేపాలి, సెప్టెంబరు 29న మైకేల్మస్ నాడు లెక్క ముగిసేసరికి ప్రతి బస్తాకూ, ప్రతి గొర్రెకూ జవాబు చెప్పాలి. తరుగు పడితే తన జేబులోంచే.

[6] కాటర్: గుడిసె, చిన్న పెరడు. మిగతాదంతా కూలి మీద.

[7] పాదిరి: పంటలో పదో వంతు చర్చికి. అయినా చాలామంది పాదిరులు రైతుబిడ్డలే, చర్చి పొలం చెక్కను తామే దున్నుకునేవాళ్లు. అందుకే నిచ్చెనలో పెట్టకుండా పక్కన వేశాను.

బానిసల గడి ఏదని అడుగుతారు. 1086 నాటి డూమ్స్‌డే అనే భూముల సర్వేలో, నమోదైనవాళ్లలో పది మందికొకరు బానిస. ఈ పటం నాటికి ఆ వర్గం కనుమరుగైంది, వాళ్ల వారసులు చాలావరకు [5], [6] గడుల్లో కలిసిపోయారు.