సబ్జెక్ట్: 5 ప్లై అట్టపెట్టెలు మళ్లీ కావాలి (పాత పీవో 417) – ఇప్పటి ధర, డెలివరీ గడువు తెలపగలరు

నమస్తే అండి,

మార్చిలో పీవో నంబర్ 417 కింద మీ దగ్గర తీసుకున్న 5 ప్లై అట్టపెట్టెలే మళ్లీ కావాలి. సైజు 18 x 12 x 10 అంగుళాలు, పక్కన ఒక రంగు ప్రింటింగ్. డిజైన్‌లో మార్పేమీ లేదు. ఈసారి 2,000 బదులు 3,000 పెట్టెలు.

పీవో పంపేముందు ధర ఒకసారి ఖాయం చేయండి. పాత ఇన్‌వాయిస్‌లోని రేటే నడుస్తోందా, మారిందా? క్రాఫ్ట్ పేపర్ ధర ఒకచోట నిలవదు కాబట్టి అడుగుతున్నాను. మారి ఉంటే కొత్త రేటు ఎంతో, అది ఏ తేదీ వరకు చెల్లుతుందో రాయండి. రవాణా, పన్ను అందులో కలిశాయో లేదో కూడా చెప్పండి. 3,000 తీసుకుంటే రేటు ఏమైనా తగ్గుతుందా?

పోయినసారి పీవో అందిన 12 రోజులకు సరుకు వచ్చింది. ఇప్పుడూ అంతే పడుతుందా? మా దగ్గరున్న స్టాక్ మూడు వారాలకు మించి రాదు, అదే టెన్షన్. ఆలస్యమయ్యేలా ఉంటే ముందు 1,000 పెట్టెలు పంపి, మిగతావి తర్వాత పంపినా సరిపోతుంది.

గురువారం సాయంత్రంలోగా జవాబిస్తే శుక్రవారమే పీవో పంపేస్తాం.

ధన్యవాదాలు,
పర్చేజ్ మేనేజర్